టోక్యోకు వెళ్లే మెయిల్: సూటిదనం ఎక్కడ తగ్గాలి, ఎక్కడ తగ్గకూడదు

ఆఫీసు మెయిల్‌ను జపాన్ సహోద్యోగుల కోసం తిరగరాసేటప్పుడు మారాల్సింది విషయం కాదు. ఆ విషయం అవతలి మనిషి మీద మోపే బరువు మారాలి. పని ఎక్కడ ఆగింది, ఏది ఎప్పటికి కావాలి, ఏది కుదరదు అనేవి చివరి ప్రతిలోనూ అలాగే ఉండాలి. ఎవరి వల్ల ఆగింది, ఎవరు ఎవరికి పురమాయిస్తున్నారు, ఎవరి మాట కొట్టేస్తున్నారు అనే ధ్వని మాత్రం తగ్గాలి. ఈ రెంటినీ విడదీయకుండా మెయిల్ మొత్తాన్ని ఒకేలా మెత్తబరిస్తే ధ్వనితోపాటు విషయమూ కరిగిపోతుంది. హైదరాబాద్ నుంచి టోక్యోకు వెళ్లే ప్రాజెక్టు మెయిళ్లలో జరిగే పొరపాట్లు చాలావరకు ఈ రెంటిలో ఏదో ఒకటి: విషయం ముఖం మీద చెప్పినట్టు వెళ్లడం, లేదా అసలు వెళ్లకపోవడం.

కొన్ని సమాజాల్లో అర్థం ఎక్కువగా మాటల్లోనే ఉంటుందనీ, కొన్నింటిలో సందర్భం, సంబంధం, మౌనం కూడా అర్థంలో పెద్ద వాటా మోస్తాయనీ అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1976లో ప్రతిపాదించాడు. రెండో కోవకు జపాన్‌ను ఉదాహరణగా చూపడం అప్పటి నుంచి పరిపాటి అయింది. ఇది స్థూలమైన గీత మాత్రమే. టోక్యోలోని ప్రతి ఉద్యోగీ ఒకేలా రాయడు. అయినా ఎవరో తెలియని పాఠకుడికి మొదటి మెయిల్ రాసేటప్పుడు ఎటువైపు మొగ్గాలో చెప్పడానికి ఆ గీత పనికొస్తుంది.

మెయిల్‌లోని ప్రతి వాక్యానికీ పదును ఉండదు. సమాచారం చెప్పే వాక్యాలు ఎవరినీ నొప్పించవు. పని అడగడం, అడిగినదాన్ని కాదనడం, తప్పు చూపించడం అనే మూడు చోట్లే చిక్కు. పెనెలోపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ 1978లో మొదట ప్రచురించి, 1987లో పుస్తకంగా తెచ్చిన మర్యాద సిద్ధాంతం ఈ మూడింటినీ ఎదుటివారి పరువుకు తగిలే చర్యలుగానే చూస్తుంది. ఆ దెబ్బ ఎంత బలమైనదో మూడు సంగతులు తేలుస్తాయి: ఇద్దరి మధ్య దూరం, హోదాల్లో తేడా, అడుగుతున్న పని బరువు. వారు ఆధారం చేసుకున్న మూడు భాషల్లో తమిళం ఒకటి కాబట్టి ఆ లెక్క దక్షిణాది వారికి కొత్తగా అనిపించదు.

ఆ సిద్ధాంతం తమకు పూర్తిగా సరిపోదని జపాన్ భాషావేత్తలే అభ్యంతరం చెప్పారు. ఒక వ్యక్తి పరువుకన్నా, ఆ సందర్భంలో తన స్థానమేమిటో ఎరిగి దానికి తగ్గట్టు మాట్లాడటమే జపాన్‌లో ప్రధానమని సచికో ఇదె 1989లో రాశారు. దీన్ని జపనీస్‌లో 'వకిమాయె' అంటారు. మెయిల్ రాసేవారికి దీనివల్ల తెలిసేది ఒకటుంది. జపాన్ మెయిళ్ల మొదట్లో వచ్చే 'ఎప్పుడూ మీ సహకారం పొందుతున్నాం' అనే పలకరింపు, చివర్లో వచ్చే 'దయ ఉంచండి' లాంటి మాట, పేరు పక్కన 'సాన్' అలంకారాలు కావు. రాసేవారు తమ స్థానం తెలిసినవారే అని చెప్పే గుర్తులవి. ఇంగ్లీషు మెయిల్‌లోనైనా ఒక్క వాక్యంలో వాటి ఛాయ ఉంటే, తర్వాత వచ్చే విన్నపాన్ని పాఠకుడు వేరే మనసుతో చదువుతాడు.

తెలుగువారి విషయంలో ఒక చిత్రం ఉంది. తెలుగులో మాట్లాడేటప్పుడు వాళ్లు సూటి మనుషులేం కారు. పై అధికారితో 'వీలు చూసుకుని ఒకసారి చూస్తారా సార్' అంటారు. కాదనాల్సి వస్తే 'కొంచెం ఇబ్బందే అండీ' అని ఊరుకుంటారు. అదే మనిషి ఇంగ్లీషు మెయిల్‌కు కూర్చుంటే 'ప్లీజ్ చెక్ అండ్ అప్‌డేట్ బై టుడే' అని రాస్తాడు. 'ప్లీజ్' పెట్టాను కదా, మర్యాదగానే ఉంది అనుకుంటాడు. కానీ ఆ వాక్యం ఇంకా ఆజ్ఞే. 'దయచేసి' తగిలించినంత మాత్రాన ఆజ్ఞ ప్రశ్న కాదు, కాదనే వీలు ఎదుటివారికి దక్కదు. అంటే ఈ తిరగరాతలో సగం, తెలుగులో సహజంగా వచ్చే పద్ధతిని ఇంగ్లీషులోకి తెచ్చుకోవడమే.

ఇప్పుడొక ఉదాహరణ. జపాన్‌లో ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కాబట్టి ఎన్నో కొత్త సిస్టమ్‌లు ఆ రోజే వాడకంలోకి వస్తాయి. టోక్యోలోని ఒక దుకాణాల సంస్థకు అలాంటి సిస్టమ్ తయారు చేస్తున్న హైదరాబాద్ టెస్టింగ్ బృందం మార్చి 5 సాయంత్రం 4 గంటలకు పంపబోయిన మెయిల్ ఇది. అసలు ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగులో దాని రూపం ఇలా ఉంటుంది:

'ముందే చెప్పినట్టు, పన్ను లెక్కింపు వివరణ పత్రం మీ నుంచి ఇంకా రాలేదు. దీనివల్ల మా టెస్టింగ్ ఆగిపోయింది. దయచేసి ఈ రోజే పంపండి. మీరు పంపిన ధరల ఫైల్ తప్పుగా ఉంది, సరిచేసి పంపండి. నిన్న మీరు అడిగిన రిపోర్ట్ మార్పు ఏప్రిల్ 1కి కుదరదు.'

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. తిట్టూ లేదు. హైదరాబాద్‌లో పక్క బృందానికి పంపితే ఎవరూ కలవరపడరు. అవతల చదివే మేనేజరుకు మాత్రం ఐదు వాక్యాల్లో ఐదు వేళ్లు తనవైపు చూపినట్టు కనిపిస్తుంది. పైగా టోక్యో గడియారం భారత్ కన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. హైదరాబాద్‌లో నాలుగు గంటలంటే అక్కడ రాత్రి ఏడున్నర. 'ఈ రోజే' అన్న మాట అక్కడ అప్పటికే ముగిసిన రోజు గురించి చెబుతోంది.

తిరగరాతలో మొదటి పని మెత్తబరచడం కాదు, మెయిల్‌లో కదపకూడనివి ఏవో పక్కన రాసుకోవడం. ఈ మెయిల్‌లో అవి నాలుగు: పత్రం అందలేదు, అది ఫలానా రోజులోగా కావాలి, ఫైల్‌లో ఫలానా వరుసల్లో ధరలు లేవు, రిపోర్ట్ మార్పు ఏప్రిల్ 1 విడుదలలో ఉండదు. ఇలా రాసుకోగానే మొదటి ప్రతిలోని లోపం బయటపడుతుంది. మాట సూటిగా ఉన్నా సమాచారం సూటిగా లేదు. ఏ వరుసలు ఖాళీయో చెప్పలేదు, ఆ రోజే ఎందుకు కావాలో చెప్పలేదు. గొంతు గట్టిగా ఉండి వివరం పలచగా ఉన్న మెయిళ్లు ఆఫీసుల్లో కొల్లలు.

రెండో పని మెయిల్‌ను విడదీయడం. కాదనడం అనే బరువైన మాటను విన్నపం, తప్పు చూపడం పక్కనే పెడితే మూడూ కలిసి ఫిర్యాదు చిట్టాలా కనిపిస్తాయి. కాబట్టి రిపోర్ట్ మార్పు సంగతి వేరే మెయిల్‌కు వెళ్తుంది. అదీ మాటగా చెప్పిన తర్వాతే. మిగిలిన రెండూ ఒక మెయిల్‌లో ఇమడతాయి.

'ఎప్పుడూ మీరందిస్తున్న సహకారానికి కృతజ్ఞతలు. ఈ మెయిల్‌లో ఒక విన్నపం, ఒక సందేహం ఉన్నాయి.

1. పన్ను లెక్కింపు పత్రం. ఈ భాగం టెస్టింగ్‌కు 10 పనిదినాలు పడుతుంది. ఫలితాలు మార్చి 24న మీకు అందించాలంటే మార్చి 10న మొదలుపెట్టాలి. పత్రం మాకింకా అందలేదు. సంవత్సరాంతపు పనుల మధ్య ఇబ్బంది పెడుతున్నందుకు మన్నించండి. మార్చి 9, జపాన్ సమయం మధ్యాహ్నం 12 గంటలలోగా పంపడానికి వీలవుతుందా? పూర్తి పత్రానికి ఇంకా సమయం పట్టేటట్టయితే, పన్ను రేట్ల పట్టిక ఒక్కటి అందినా పని మొదలుపెట్టగలం.

2. ధరల ఫైల్. మార్చి 4న అందిన ఫైల్‌లో 412 నుంచి 430 వరకు వరుసల్లో ధర గడి మా వైపు ఖాళీగా కనిపిస్తోంది. మేం తెరిచిన తీరులో లోపం ఉందేమో కూడా చూస్తున్నాం. మీ దగ్గరున్న ఫైల్‌లో ఆ వరుసలు ఎలా ఉన్నాయో ఒకసారి చూసి చెప్పగలరా?'

మారినవి ఒక్కొక్కటిగా చూస్తే, 'ముందే చెప్పినట్టు' ముందుగా ఎగిరిపోయింది. ఆ మాట ఇచ్చే సమాచారం ఏమీ లేదు. 'మీరు మర్చిపోయారు' అన్న నింద ఒక్కటే అందులో ఉంది. తర్వాత కర్తలు మారాయి. 'మీ నుంచి రాలేదు' పోయి 'మాకింకా అందలేదు' వచ్చింది. 'మీరు పంపిన ఫైల్ తప్పు' పోయి 'మా వైపు ఖాళీగా కనిపిస్తోంది' వచ్చింది. వాస్తవం అదే, దాన్ని చూస్తున్న చోటు మారింది. అయితే 'మేం తెరిచిన తీరులో లోపం ఉందేమో చూస్తున్నాం' అన్న వాక్యాన్ని నిజంగా చూస్తుంటేనే రాయాలి. లేని సందేహాన్ని మర్యాద కోసం పుట్టిస్తే, అవతలివారు దాన్ని నమ్మి మరుసటి రోజు 'మీ పరిశీలనలో ఏం తేలింది' అని అడుగుతారు.

ఆజ్ఞ ప్రశ్న అయింది. అంతకన్నా పెద్ద మార్పు, కారణం విన్నపానికి ముందుకు రావడం. 10 పనిదినాలు, మార్చి 24 అన్న లెక్క చదివిన పాఠకుడు గడువు వాక్యానికి వచ్చేసరికి ఆ గడువును తనే ఊహించుకుని ఉంటాడు. గడువు పెట్టింది హైదరాబాద్ కాదు, క్యాలెండర్. విన్నపానికి సరిగ్గా ముందు ఉన్న 'ఇబ్బంది పెడుతున్నందుకు మన్నించండి' లాంటి మాటలను జపాన్‌లో 'కుషన్ మాటలు' అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తవారికి అవి నేర్పుతారు కూడా. ఒక విన్నపానికి ఒకటి చాలు. ప్రతి వాక్యానికీ ఒకటి తగిలిస్తే రాసినవారు దేనికో భయపడుతున్నట్టుంటుంది. ఇక పట్టిక ఒక్కటైనా చాలన్న ప్రత్యామ్నాయం 'వీలవుతుందా' అన్న ప్రశ్నను నిజమైన ప్రశ్నగా నిలబెడుతుంది. పూర్తి పత్రం సిద్ధంగా లేని మేనేజరుకు 'లేదు' అనకుండా జవాబిచ్చే దారి దొరుకుతుంది.

పరోక్షంగా రాయడమంటే మసకగా రాయడం కాదని ఈ ప్రతి చూస్తేనే తెలుస్తుంది. జపాన్ వ్యాపార మెయిళ్లు నిజానికి చాలా క్రమంగా ఉంటాయి. సబ్జెక్ట్ లైన్‌లో విషయం స్పష్టంగా ఉంటుంది, అంశాలకు అంకెలుంటాయి. 'పన్ను లెక్కింపు పత్రం - మార్చి 9 - విన్నపం' అని సబ్జెక్ట్ పెట్టడం అక్కడ మొరటుతనం కాదు. గడువు దాచిపెట్టడమే ఇబ్బంది కలిగిస్తుంది.

మెత్తదనం మోతాదు మించడం గురించి 1987లో షోషానా బ్లూమ్-కుల్కా చేసిన అధ్యయనం గుర్తుంచుకోదగ్గది. విన్నపాలు ఎంత పరోక్షంగా ఉంటే అంత మర్యాదగా అనిపిస్తాయా అని ఆమె హీబ్రూ, ఇంగ్లీషు మాట్లాడేవారిని అడిగి చూశారు. మర్యాదలో ముందు నిలిచినవి సూచనప్రాయమైన మాటలు కావు, 'చేయగలరా' తరహా ప్రశ్నలు. అసలు విషయం చెప్పకుండా సూచనతో వదిలేస్తే, అర్థం తేల్చుకునే పని వినేవారి నెత్తిన పడుతుంది. ఆ అధ్యయనంలో జపనీస్ లేదు. కానీ టోక్యో పాఠకుడు చదివేది తనకు పరాయి భాష అయిన ఇంగ్లీషులో కాబట్టి ఆ భారం ఇంకా ఎక్కువే ఉంటుందనుకోవచ్చు. ఇంగ్లీషు బాగా వచ్చిన భారతీయులు మెత్తదనం కోసం 'ఒకవేళ మీకు అభ్యంతరం లేకుంటే, వీలుపడే పక్షంలో, పంపే అవకాశం గురించి ఆలోచించగలరేమోనని' అంటూ ఒకదానిలో ఒకటి దూర్చిన వాక్యాలు రాస్తారు. అవతల అది మర్యాదగా అందదు, చిక్కుముడిగా అందుతుంది. రెండో భాషలో చదివేవారికి మెత్తదనం వాక్యాల వరుసలో కనబడాలి, వాక్యాల పొడవులో కాదు. చిన్న వాక్యాలు, ముందు కారణం, తర్వాత ప్రశ్న.

మరీ మెత్తబడిందో లేదో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. ప్రాజెక్టు గురించి తెలియని సహోద్యోగికి మెయిల్ చూపించి, చదివాక మూసేసి, ఎవరు ఏం చేయాలి, ఎప్పటికి, చేయకపోతే ఏమవుతుంది అని అడగాలి. ఈ మూడింటికీ జవాబు రాకపోతే మర్యాద విషయాన్ని మింగేసినట్టే.

ఇక రిపోర్ట్ మార్పును కాదనడం. ఏదైనా నిర్ణయం సమావేశానికి రాకముందే సంబంధించిన ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి దారి సుగమం చేసుకోవడాన్ని జపనీస్‌లో 'నెమవాషి' అంటారు. కాదనే మాటకు ఇది మరీ అవసరం. జపాన్ ప్రాజెక్టుల్లో రెండు వైపులా వారధిగా ఉండే 'బ్రిడ్జ్ ఇంజనీర్' ఉంటే మొదటి మాట ఆయన ద్వారా ఫోన్‌లో వెళ్లాలి. లేకపోతే అవతలి బృందంలో రోజూ మాట్లాడే ఇంజనీరుతో మొదలుపెట్టవచ్చు. మెయిల్ తర్వాత, ఆ సంభాషణను నమోదు చేయడానికి వస్తుంది:

'నిన్న ఫోన్‌లో మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. రిపోర్ట్ మార్పు దుకాణాలకు ఎందుకు అవసరమో అర్థమైంది. దీనికోసం డేటాబేస్‌లో రెండు పట్టికలు మార్చాలి, వాటిపై పూర్తయిన టెస్టింగ్ మళ్లీ చేయాలి. అందువల్ల ఏప్రిల్ 1 విడుదలలో చేర్చడం కష్టంగా ఉంది. ఏప్రిల్ 20 విడుదలలో చేర్చేలా ప్రణాళిక వేయగలం. అప్పటివరకు అదే సమాచారాన్ని ఎక్సెల్ ఫైల్‌గా రోజూ పంపగలం. ఈ పద్ధతి మీకు అనుకూలమేనా?'

ఇక్కడ 'కష్టంగా ఉంది' అన్న మాటపై జాగ్రత్త అవసరం. జపాన్‌లో అది దాదాపు 'కుదరదు' అనే. అయితే అదే మెయిల్ సింగపూర్‌లోని మరో బృందానికో, ఆ సంస్థ అమెరికా కార్యాలయానికో ఫార్వర్డ్ అయితే, 'కష్టమే కానీ ప్రయత్నిస్తారన్నమాట' అని చదువుకుంటారు. ఈ చిక్కు తీరాలంటే రెండు చోట్ల రెండు రకాలుగా రాయాలి. మెయిల్‌లో 'కష్టం' ఉంటుంది. ప్రాజెక్టు ప్రణాళిక పట్టికలో ఆ మార్పు ఎదుట 'విడుదల: ఏప్రిల్ 20' అని ఉంటుంది. పట్టిక గడిలోని తేదీ ఎవరినీ నొప్పించదు, ఎవరినీ తప్పుదోవ పట్టించదు.

మెయిల్ ఎంత సూటిగా తగులుతుందో మాటలకన్నా ఎక్కువగా తేల్చేది కాపీ వరుస. ధరల ఫైల్ సందేహాన్ని ఆ ఫైల్ తయారు చేసిన ఉద్యోగికి మాత్రమే పంపితే అది సహాయం. అదే మెయిల్ ఆయన పైఅధికారి పేరు కాపీలో ఉండి వెళ్తే ఎంత మెత్తగా రాసినా ఫిర్యాదే. హైదరాబాద్‌లో 'అందరికీ తెలిసి ఉంటుందిలే' అని మేనేజర్లను కాపీలో పెట్టడం అలవాటు. తిరగరాసేవారు వాక్యాలు ముట్టుకోకముందు ఆ వరుస చూసుకోవడం మేలు. ప్రాజెక్టు నియమం ప్రకారం మేనేజరును చేర్చక తప్పకపోతే, తప్పు చూపే అంశాన్ని ముందు ఆ ఉద్యోగికి విడిగా పంపి, సరిచేసిన ఫైల్ వచ్చాక అందరికీ రాసే మెయిల్‌లో 'సవరించిన ఫైల్ అందింది, కృతజ్ఞతలు' అని ఒక్క వాక్యం చేర్చవచ్చు.

పంపడంతో పని అయిపోదు. జవాబు కూడా అదే పద్ధతిలో వస్తుంది. 'పరిశీలిస్తాం' అనే అర్థంలో జపనీస్‌లో వాడే 'కెంతో షిమాస్' చాలా సందర్భాల్లో మర్యాదగా కాదనడమే. తెలుగు ఆఫీసుల్లో 'చూద్దాం' విన్నవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. అయితే ఎప్పుడూ కాదనడమే అనుకోకూడదు. నిజంగా పరిశీలించి అవుననేవారూ ఉంటారు. తేడా పసిగట్టడానికి తేదీ ఒక ఆనవాలు. 'గురువారం లోపల పరిశీలించి చెబుతాం' అంటే పని నడుస్తున్నట్టు. తేదీ లేని 'పరిశీలిస్తాం' తర్వాత రెండు మూడు రోజులు నిశ్శబ్దంగా గడిస్తే ఏదో అడ్డు ఉన్నట్టు. అప్పుడు 'ఏమైంది' అని మళ్లీ రాస్తే లాభం లేదు. 'పట్టికను మాత్రం 9న, మిగతాది 13న పంపితే సులువా, లేక అంతా కలిపి 11న పంపితే సులువా' అని రెండు దారులు చూపి అడిగితే, కాదనాల్సిన అవసరం లేకుండానే అడ్డు ఎక్కడుందో బయటపడుతుంది.

ఈ పద్ధతంతా పక్కన పెట్టాల్సిన సందర్భం ఒకటుంది. 1990 జనవరి 25న అవియాంకా సంస్థ విమానం న్యూయార్క్‌కు వెళ్లే దారిలో మొత్తం గంటకు పైగా గాలిలో వేచి ఉండి, ఇంధనం అయిపోయి లాంగ్ ఐలాండ్‌లో కూలింది. 158 మందిలో 73 మంది మరణించారు. ఇంధనం తగ్గుతోందని, ప్రాధాన్యం కావాలని సిబ్బంది చెప్పారు. అత్యవసర పరిస్థితి అని మాత్రం ప్రకటించలేదు. నేల మీదివారికి తీవ్రత తెలియలేదు. దర్యాప్తులో ఇది ముఖ్య కారణాల్లో ఒకటిగా తేలింది. సర్వర్ పడిపోయినా, వినియోగదారుల డబ్బు తప్పుగా కోత పడుతున్నా, సమాచారం బయటికి పొక్కినా మెయిల్ మొదటి వాక్యం పరిస్థితిని ఉన్నదున్నట్టు చెప్పాలి: 'మధ్యాహ్నం 2:10 నుంచి చెల్లింపులు ఆగిపోయాయి. ఇప్పుడే ఫోన్ చేస్తున్నాం.' అక్కడ కూడా 'మీ అప్‌డేట్ వల్ల' అనే ఊహ రాయనక్కర్లేదు. కారణం తేలాక చెప్పవచ్చు. సూటిదనం పరిస్థితి గురించి ఉండాలి, మనుషుల గురించి కాదు.

మోతాదు కాలంతోనూ మారుతుంది. ఏడాది పాటు కలిసి పనిచేసిన టోక్యో ఇంజనీరు తనే రెండు వాక్యాల మెయిళ్లు పంపడం మొదలుపెడతాడు. అప్పుడు ఇంకా మొదటి నెల నాటి పూర్తి లాంఛనాలతో రాస్తే దూరం పెడుతున్నట్టుంటుంది. విదేశీ సంస్థల్లో పనిచేసి వచ్చిన యువ ఉద్యోగులు మొదటి రోజు నుంచే సూటి మాట ఇష్టపడవచ్చు. అవతలి నుంచి వచ్చిన చివరి రెండు మూడు మెయిళ్లలో పలకరింపు ఎంత పొడవుందో, విన్నపం ప్రశ్నగా వచ్చిందో వాక్యంగా వచ్చిందో, కుషన్ మాటలు ఎన్ని ఉన్నాయో చూసుకుని, దానికి ఒక మెట్టు ఎక్కువ మెత్తగా రాస్తే సాధారణంగా సరిపోతుంది.